అప్‌వర్క్‌లో పది శాతం ఫీజు కన్నా కనెక్ట్స్ ఖర్చే ఎక్కువ

ఫ్రీలాన్స్ సైట్ల మాట వస్తే ముందు వినపడే ఫిర్యాదు కమీషన్ గురించే. కష్టపడి సంపాదించిన దాంట్లో పది శాతం వాళ్లే కోసుకుంటున్నారని అంటారు. డబ్బు చేతికి వచ్చేటప్పుడు పడే కోత కాబట్టి అది బాగా కనపడుతుంది, బాధా దాని మీదే ఉంటుంది. కానీ కొత్తగా చేరి చిన్నచిన్న పనులకు ప్రయత్నించేవాళ్ల జేబు ఖాళీ చేసేది ఎక్కువగా ఆ పది శాతం కాదు. పని అడగడానికే ఖర్చయ్యే క్రెడిట్లు. ఫీజు దక్కిన పని మీదే పడుతుంది. క్రెడిట్లు మాత్రం దక్కని ప్రతి పనికీ పోతాయి. చాలామంది లెక్క తప్పేది ఈ తేడా దగ్గరే.

ఈ పద్ధతి పూర్తి రూపంలో ఉన్నది అప్‌వర్క్‌లో. అక్కడ క్రెడిట్ల పేరు కనెక్ట్స్. ఒక్కోటి 15 సెంట్లు, పన్ను అదనం. 2019లో వాటికి ఈ ధర పెట్టినప్పుడు ఒక ప్రపోజల్‌కు, అంటే పని అడుగుతూ క్లయింట్‌కు పంపే దరఖాస్తుకు, 1 నుంచి 6 కనెక్ట్స్ సరిపోయేవి. ఇప్పుడు పది దాటడం మామూలైపోయింది. ఏ పనికి ఎన్ని కావాలో ఆ జాబ్ పోస్టులోనే రాసి ఉంటుంది, పనిని బట్టి మారుతుంది. పంపిన ప్రపోజల్‌ను మనమే వెనక్కి తీసుకుంటే కనెక్ట్స్ తిరిగి రావు. క్లయింట్ వద్దన్నా రావు. పోస్టు నిబంధనలకు విరుద్ధమని సైటే తీసేస్తే తిరిగి వస్తాయి. క్లయింటే మనల్ని వెతుక్కుని ఆహ్వానం పంపితే, దానికి జవాబివ్వడానికి అసలు కనెక్ట్సే అక్కర్లేదు.

ఫీజు కథ వేరు. 2016 నుంచి అప్‌వర్క్ ఒక్కో క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, ఆ పైన 10,000 దాకా 10 శాతం, అదీ దాటితే 5 శాతం తీసుకునేది. 2023లో దాన్ని అందరికీ ఒకటే 10 శాతం చేసింది. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు 0 నుంచి 15 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఎంతన్నది ప్రపోజల్ పంపే ముందే తెర మీద కనపడుతుంది, ఆ కాంట్రాక్టు నడిచినన్నాళ్లూ అదే ఉంటుంది. కాబట్టి రేటు రాసే ముందు ఆ అంకె చూసి తీరాలి. చేతికి 100 డాలర్లు రావాలంటే పది శాతం ఫీజుకు 110 అడిగితే చాలదు. అందులో పది శాతం 11 పోతే మిగిలేది 99. సరైన అంకె 111.11. అదే 15 శాతమైతే దాదాపు 117.65 అడగాలి.

మన దేశం నుంచి పనిచేసేవాళ్లకు ఇంకో రెండు కోతలున్నాయి. జీఎస్టీ నంబరు ఇవ్వని వాళ్లకు సైటు వసూలు చేసే రుసుముల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. డబ్బు రూపాయల్లో బ్యాంకు ఖాతాకు తీసుకున్న ప్రతిసారీ 0.99 డాలర్లు పోతాయి. రెండోది చిన్నదే, కానీ ఇరవై డాలర్లు పోగవగానే తీసేసుకునే అలవాటున్నవాళ్లకు అదే ఐదు శాతం అవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న పనిని లెక్కేద్దాం. 50 డాలర్ల పని, ప్రపోజల్‌కు 12 కనెక్ట్స్, అంటే 1.80 డాలర్లు. మన డబ్బుల్లో నూట యాభై రూపాయల పైమాటే. ఇలాంటి పనులకు ఇరవై ప్రపోజల్స్ పంపితే ఒకటి దక్కుతోందనుకుందాం. కొత్తవాళ్లకు ఇది మరీ దారుణమైన నిష్పత్తేమీ కాదు. ఆ ఒక్క పని దక్కడానికి ఇరవైసార్లు 1.80, అంటే 36 డాలర్లు కనెక్ట్స్‌కే పోయాయి. వాటి మీద జీఎస్టీ 6.48. పని పూర్తయ్యాక ఫీజు పది శాతం చొప్పున 5 డాలర్లు, దాని మీద జీఎస్టీ 90 సెంట్లు. మొత్తం 48.38. యాభై డాలర్ల పనిలో మిగిలింది 1.62. బ్యాంకుకు పంపించుకుంటే అందులోనూ 99 సెంట్లు పోయి 63 సెంట్లు. రెండు రోజులు కూర్చుని చేసిన పనికి టీ ఖర్చులు.

ఈ లెక్కలో ఫీజు వాటా పన్నుతో కలిపి ఆరు డాలర్ల లోపే. కనెక్ట్స్ వాటా నలభై రెండు పైన. ఫైవర్ అన్న ఇంకో సైటులో అమ్మేవాళ్ల దగ్గర 20 శాతం కోస్తారని చాలామంది దూరంగా ఉంటారు. కానీ అక్కడ ప్రపోజల్‌కు డబ్బు కట్టే పద్ధతి లేదు. పన్నులు పక్కన పెడితే 50 డాలర్ల ఆర్డరుకు 40 చేతికొస్తాయి. అక్కడ ఆర్డరు దానంతట అది రావాలి, అదే అసలు చిక్కు. అయినా ఇరవై శాతం సైటు ఖరీదు, పది శాతం సైటు చవక అన్న లెక్క మాత్రం చిన్న పనుల దగ్గర తలకిందులవుతుంది.

ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో ఇంకో మెలిక ఉంది. ఒకే మొత్తానికి ఒప్పుకునే పనులకు అక్కడి ఫీజు 10 శాతం లేదా 5 డాలర్లు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. 30 డాలర్ల పనికి 5 డాలర్లంటే దాదాపు 17 శాతం. ఇబ్బంది అంకె కన్నా సమయంతోనే ఎక్కువ. ఆ ఫీజు డబ్బు వచ్చాక కాదు, పని మనకు ఇచ్చినట్టు క్లయింట్ ప్రకటించి మనం ఒప్పుకోగానే తీసుకుంటారు. ఆ తర్వాత క్లయింట్ మాయమైతే చేయని పనికి ఫీజు కట్టినట్టే. అందుకే అక్కడ మైల్‌స్టోన్ డబ్బు, అంటే పనిలో ఒక్కో దశకు ఇచ్చే మొత్తం, ముందుగా జమ చేస్తారో లేదో చాట్‌లో తేల్చుకున్నాకే ఒప్పుకునే బటన్ నొక్కాలి.

మళ్లీ అప్‌వర్క్‌కు వద్దాం. ప్రపోజల్ పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొచ్చే ప్రశ్న ఒకటే. ఈ రకం పని ఎన్నిసార్లు చేజారినా తట్టుకోగలం? పని విలువలో పదో వంతుకు మించి కనెక్ట్స్‌కు పోనివ్వకూడదని ఒక గీత పెట్టుకుందాం. 50 డాలర్ల పనికి ఆ గీత 5 డాలర్లు. ఒక ప్రయత్నానికి పన్నుతో 2.12 అవుతుంది కాబట్టి రెండు ప్రయత్నాల్లో ఒకటి దక్కాలి. అది దాదాపు జరగని పని. 400 డాలర్ల పనికి 16 కనెక్ట్స్ అడిగారనుకుంటే ఒక ప్రయత్నానికి పన్నుతో 2.83, గీత 40 డాలర్లు. పద్నాలుగుసార్లు ప్రయత్నించవచ్చు. పని విలువ ఎనిమిది రెట్లు పెరిగితే కనెక్ట్స్ ఆ లెక్కన పెరగవు. చిన్న పనులతో మొదలుపెట్టి పైకి రావాలన్న పాత సలహా కనెక్ట్స్ చవగ్గా ఉన్న రోజుల్లో పుట్టింది. ఇప్పుడు మరీ చిన్న పనులకు వెళ్లాలంటే ఆ పని దక్కే అవకాశం మామూలు కన్నా బాగా ఎక్కువని నమ్మడానికి పోస్టులోనే ఏదో ఒక కారణం కనపడాలి. మొదటి రెండు మూడు రివ్యూల కోసం నష్టానికి సిద్ధపడేవాళ్లు ఆ గీతను ఇరవై శాతానికి జరుపుకోవచ్చు. కానీ ఎన్నాళ్లు అలా చేస్తారో ముందే అనుకోవాలి.

అవకాశం అన్నది మూడు దశల్లో తేలుతుంది. ఈ క్లయింట్ అసలు ఎవరినైనా పెట్టుకుంటాడా? మన ప్రపోజల్ తెరుస్తాడా? తెరిచాక మనల్నే ఎంచుకుంటాడా? ఎక్కువమంది మూడోదాని మీదే టెన్షన్ పడతారు, ప్రొఫైల్ ఫొటో నుంచి కవర్ లెటర్ దాకా మారుస్తూ ఉంటారు. కనెక్ట్స్ ఎక్కువగా తగలబడేది మొదటి దశలో. ఆ దశ గురించే పోస్టులో సమాచారం బోలెడంత ఉంటుంది.

ముందు చూడాల్సింది క్లయింట్ చరిత్ర. ఎన్ని పోస్టులు వేశాడు, వాటిలో ఎన్నిటికి మనుషుల్ని తీసుకున్నాడు అన్నది hire rate రూపంలో పక్కనే ఉంటుంది. పన్నెండు పోస్టులు, 25 శాతం అంటే ముగ్గురిని తీసుకున్నాడు. మిగతా తొమ్మిది పోస్టులకు జనం పంపిన కనెక్ట్స్ వృథా అయ్యాయన్నమాట. అలాంటివాడి కొత్త పోస్టు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, అది మిగతా తొమ్మిదిలో చేరే అవకాశమే ఎక్కువ. అయితే ఒకే పోస్టుకు పదుల మందిని తీసుకునే క్లయింట్లూ ఉంటారు, ముఖ్యంగా వాయిస్ రికార్డింగులు, డేటా సేకరణ పనుల్లో. వాళ్ల అంకెలు ఘనంగా ఉంటాయి, మనిషికి ఇచ్చేది మాత్రం తక్కువ. కాబట్టి శాతం ఒక్కటే చూస్తే చాలదు. గంటకు సగటున ఎంత ఇచ్చాడన్నదీ, మొత్తం ఎంత ఖర్చు పెట్టాడన్నదీ చూడాలి. పోస్టులో గంటకు 15 నుంచి 35 డాలర్లని రాసి, చరిత్రలో సగటు నాలుగు డాలర్లు ఉంటే నమ్మాల్సింది నాలుగునే.

రెండోది పోస్టులో జరుగుతున్న కదలిక. Last viewed by client అన్న చోట రెండు గంటల క్రితం అని ఉంటే అతను ఇంకా చదువుతున్నాడు. ఐదుగురితో మాట్లాడుతున్నట్టు ఉండి, చివరిగా చూసింది మూడు వారాల కిందటైతే ఆ పోస్టుకు ప్రాణం లేనట్టే. కొత్త పోస్టే కదా అని పరుగెత్తేవాళ్లు, ప్రపోజల్స్ యాభై దాటాయని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ప్రపోజల్స్ సంఖ్య కన్నా ఈ తేదీ ఎక్కువ చెబుతుంది. పద్నాలుగు ఆహ్వానాలు పంపి, పన్నెండింటికి జవాబు రాలేదని ఉన్న పోస్టు ఇంకో రకం. పిలిచినా, ఒక్క కనెక్ట్ ఖర్చు లేకపోయినా జనం ఎందుకు పలకలేదో ఒక్క నిమిషం ఆలోచించాలి. బడ్జెట్ దగ్గర ఏదో తేడా ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక పోస్టులో రాత. ఇలాంటి పోస్టు కొత్తవాళ్లందరికీ ఎదురవుతుంది: రెండు వందల పేజీల పీడీఎఫ్‌ను వర్డ్‌లో టైప్ చేయాలి, 600 డాలర్లు, అనుభవం అక్కర్లేదు, వెంటనే మొదలు, వివరాలకు టెలిగ్రామ్‌లో కలవండి. చెల్లింపు పద్ధతి ధ్రువపడలేదు, ప్రపోజల్స్ యాభై దాటాయి. ఇవాళ పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉంటే దానికి ఆరు వందల డాలర్లు ఎవరిస్తారు? టెలిగ్రామ్‌లోకి వెళ్లాక పని చేయించుకుని, డబ్బు విడుదలకు ముందు డిపాజిట్ కట్టమంటారు. అసలు మోసం అక్కడ జరుగుతుంది. కాంట్రాక్టుకు ముందు మాటల్ని సైటు బయటికి తీసుకెళ్లడం అప్‌వర్క్ నిబంధనలకు విరుద్ధం. ఇలాంటి పోస్టును చూసి ఊరుకోకుండా ఫ్లాగ్ చేయాలి. సైటు దాన్ని తీసేస్తే, అప్పటికే మోసపోయి ప్రపోజల్ పంపినవాళ్ల కనెక్ట్స్ తిరిగి వస్తాయి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా కనపడే పోస్టు ఒకటుంది. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం, పుస్తకం మొత్తం. ఎంపిక కోసం ప్రతి ఒక్కరూ ఒక్కో పేజీ శాంపిల్ పంపాలి, దానికి డబ్బు ఉండదు. ఒక్క పేజీయే కదా అనిపిస్తుంది. కానీ అందరికీ ఒకే పేజీ ఇవ్వకుండా తలా ఒక వేర్వేరు పేజీ ఇచ్చారంటే, నలభై మంది పంపేసరికి నలభై పేజీల పుస్తకం ఉచితంగా తయారైనట్టే. కనిపెట్టడం సులువే. శాంపిల్ మొదట్లో, చివర్లో వాక్యాలు సగంలో తెగి ఉంటే అది పుస్తకంలోంచి నరికిన ముక్క. ఉచిత పని అడగడం కూడా ఆ సైటులో నిషిద్ధమే. పాత అనువాదాలు చూపించి, శాంపిల్‌కు చిన్న మొత్తంతో విడి మైల్‌స్టోన్ పెట్టమని అడగాలి. నిజంగా పని ఉన్న క్లయింట్ రెండు మూడు డాలర్ల దగ్గర వెనక్కి తగ్గడు.

కనెక్ట్స్ పెట్టదగ్గ పోస్టు ఎలా ఉంటుందో కూడా చూద్దాం. వూకామర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆన్‌లైన్ దుకాణం, నిన్నటి అప్‌డేట్ తర్వాత చెకౌట్ పేజీలో పిన్‌కోడ్ మార్చినా షిప్పింగ్ చార్జీ మారట్లేదు, వాడుతున్న ప్లగిన్ పేరు ఫలానా, స్టేజింగ్ సైటు ఉంది, రేపటిలోగా కావాలి. మొత్తంగా 120 డాలర్లు. చెల్లింపు పద్ధతి ధ్రువపడింది, తొమ్మిది పోస్టుల్లో ఏడింటికి మనుషుల్ని తీసుకున్నాడు, నలభై నిమిషాల క్రితం చూశాడు, ఒకరితో మాట్లాడుతున్నాడు. ప్రపోజల్స్ 15 నుంచి 20. అడిగినవి 14 కనెక్ట్స్, పన్నుతో 2.48 డాలర్లు.

పదో వంతు గీత ప్రకారం ఇలాంటివి నాలుగైదింట్లో ఒకటి దక్కితే చాలు. పదిహేను మంది ముందున్నారు కదా అని భయపడక్కర్లేదు. అందులో చాలా ప్రపోజల్స్ ఎక్కడికైనా అతికే అరువు వాక్యాలే. క్లయింట్‌కు జాబితాలో ముందు కనపడేది ప్రపోజల్ మొదటి రెండు పంక్తులే. అక్కడ నమస్కారాలు, అనుభవ సంవత్సరాలు కాకుండా, పిన్‌కోడ్ మార్చినప్పుడు చెకౌట్ పేజీ షిప్పింగ్‌ను మళ్లీ లెక్కించమని సర్వర్‌ను అడుగుతోందా లేదా, క్యాష్ మెమరీలో దాచి ఉన్న పాత లెక్కే వస్తోందా అన్నది ముందు చూస్తానని రాసినవాడి ప్రపోజల్ తెరవకుండా ఉండటం కష్టం. అయితే ఇది ఆ పని తెలిసినవాళ్లకే. వూకామర్స్ ముట్టుకోని మనిషికి ఇదే పోస్టు శుద్ధ దండగ. పోస్టు మంచిదైనా ఆ మనిషికి అవకాశం ఇరవైలో ఒకటి కూడా ఉండదు.

కొత్త క్లయింట్ల సంగతి వేరేగా చెప్పుకోవాలి. చరిత్ర లేదు కాబట్టి శాతాలు ఉండవు. అందరూ వదిలేస్తారు కనుక పోటీ కొంత తక్కువ ఉండొచ్చు. చెల్లింపు పద్ధతి ధ్రువపడి, సమస్యను తన మాటల్లో వివరంగా రాసినవాడైతే కనెక్ట్స్ పెట్టొచ్చు. ఒక్క వాక్యం రాసి, వెబ్‌సైట్ కావాలి, రేటు చెప్పండి అన్నవాడు చాలాసార్లు ధరలు తెలుసుకోవడానికి వచ్చినవాడే.

బూస్ట్ గురించి రెండు మాటలు. అదనపు కనెక్ట్స్ వేలం పాడి ప్రపోజల్‌ను జాబితా పైకి తెచ్చుకునే సౌకర్యం అది. పై స్థానం దక్కకపోతే ఆ అదనం తిరిగి వస్తుంది, మొదట పెట్టిన కనెక్ట్స్ రావు. 14 కనెక్ట్స్ పనికి 30 బూస్ట్ పెడితే ఖర్చు మూడింతలు దాటుతుంది. బూస్ట్ మార్చగలిగేది రెండో దశను మాత్రమే, అంటే ప్రపోజల్ కంట పడటాన్ని. ఎవరినీ తీసుకోని క్లయింట్‌ను అది మనిషిని తీసుకునేలా మార్చలేదు, అతకని ప్రపోజల్‌ను అతికేలా చేయదు. మొదటి, మూడో దశల మీద గట్టి నమ్మకం ఉండి, పెద్ద మొత్తం పని అయి, ప్రపోజల్స్ యాభై దాటినప్పుడే దానికి అర్థం ఉంటుంది. 50 డాలర్ల పనికి బూస్ట్ పెట్టడం మాత్రం ఎలా చూసినా నష్టమే.

ఏ దశలో దెబ్బతింటున్నామో తెలుసుకోవడానికి ఊహించాల్సిన పని లేదు. ఎన్ని ప్రపోజల్స్ పంపాం, ఎన్నింటిని క్లయింట్లు చూశారు, ఎందరు మాట కలిపారు, ఎన్ని పనులు వచ్చాయి అన్న లెక్క ఖాతాలోనే ఉంటుంది. ఇరవై పంపితే నాలుగే తెరిచారంటే తప్పు పోస్టుల ఎంపికలోనో, మొదటి రెండు పంక్తుల్లోనో ఉంది. అప్పుడు రేటు తగ్గించడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. పదిహేను తెరిచి ఒక్కరూ పలకలేదంటే సమస్య చూపించిన పాత పనుల్లోనో రేటులోనో ఉన్నట్టు. మాట కలిపి ఆగిపోతున్నారంటే ప్రపోజల్ బాగానే ఉంది, సంభాషణలో ఏదో జారుతోంది.

ఇరవైలో ఒకటి దక్కుతున్న మనిషి, పనికిరాని పోస్టులు వదిలేసి ఎనిమిదిలో ఒకటికి వచ్చాడనుకుందాం. అదే 50 డాలర్ల పనికి కనెక్ట్స్ ఖర్చు 14.40, జీఎస్టీ 2.59. ఫీజు, దాని పన్ను కలిపి 5.90. బ్యాంకు చార్జీ పోగా మిగిలేది 26.12. అప్పుడు 63 సెంట్లు మిగిలిన చోటే ఇప్పుడు ఇరవై ఆరు డాలర్లు. సైటు ఫీజులో పైసా మారలేదు. ఇంకా ముఖ్యంగా, ఆ క్లయింటే రెండోసారి 50 డాలర్ల పని ఇస్తే కనెక్ట్స్ ఖర్చే ఉండదు. ఫీజూ పన్నూ బ్యాంకు చార్జీ పోను 43 డాలర్లు చేతికొస్తాయి. అందుకే రెండు పోస్టులు సమానంగా కనపడినప్పుడు, గతంలో ఒకే ఫ్రీలాన్సర్‌కు మళ్లీమళ్లీ పనిచ్చిన క్లయింట్ వైపు మొగ్గాలి. పాత రివ్యూల్లో అదే పేరు రెండు మూడు చోట్ల కనపడుతుందేమో చూస్తే అది తెలిసిపోతుంది.